ధర పెంపును తెలిపే లేఖ

పాఠ్యాంశ పరిచయం

వ్యాపార లేఖలు పలు విధాలు. సరకు కోరుతూ వ్రాసేవి, బాకీ అడుగుతూ వ్రాసేవి, ఫిర్యాదుకు బదులుగా వ్రాసేవి వాటిలో ముఖ్యమైనవి. ధర పెంచుతున్నామని చిరకాల ఖాతాదారులకు తెలిపే లేఖ వీటన్నింటికంటె కష్టమైనది. అందుకు కారణం స్పష్టమే. తక్కిన లేఖలు చదివేవారికి ఏదో ఒక ప్రయోజనం చేకూర్చుతాయి. ఈ లేఖ మాత్రం చదివేవారి చేతి నుంచి కొంత సొమ్ము తీసుకొంటానని చెబుతుంది. పైగా ఆ మాట చెప్పవలసినది అపరిచితునితో కాదు, ఏళ్ల తరబడి వేరొక దుకాణం గడప తొక్కక మన వద్దకే వచ్చినవారితో. వారి నమ్మకం చెడకుండ ఆ మాటను ఎట్లా చెప్పాలి అన్నదే ఈ పాఠంలోని విషయం.

దీనిని తిరువూరులోని ఒక పిండివంటల దుకాణాన్ని ఉదాహరణగా తీసుకొని పరిశీలిద్దాం. దుకాణమూ, దాని లెక్కలూ పాఠం కొరకు కల్పించినవి. 2024లో వంటనూనెలపై సుంకం పెరగడం, దాని వెనుక జరిగిన సంగతులు మాత్రం యథార్థాలు.

నేపథ్యం

తిరువూరు ఎన్.టి.ఆర్. జిల్లాలో, తెలంగాణ సరిహద్దుకు చేరువలో ఉన్న పట్టణం. 2022లో జిల్లాల పునర్విభజన జరిగే వరకు ఇది కృష్ణా జిల్లాలో ఉండేది. విజయవాడ నుంచి మైలవరం మీదుగా భద్రాచలం వైపు సాగే 30వ నంబరు జాతీయ రహదారి ఈ ఊరి మీదుగానే పోతుంది. అందువలన ఇక్కడి దుకాణదారునికి ఊరిలోని ఇళ్లే కాక అటు విజయవాడలోనూ, ఇటు సత్తుపల్లి, ఖమ్మంలలోనూ ఖాతాదారులు ఉండడం సహజం. మన ఉదాహరణలోని దుకాణంలో జంతికలు, చెక్కలు, సున్నుండలు, నువ్వుండలు తయారవుతాయి. దూరాన ఉన్న ఖాతాదారులకు బస్సులో పార్శిలు వెళుతుంది. జంతికలను పొద్దుతిరుగుడు నూనెలో వేయిస్తారు.

2024 సెప్టెంబరు 14 నుంచి కేంద్ర ప్రభుత్వం దిగుమతి అయ్యే వంటనూనెలపై సుంకాన్ని పెంచింది. పామాయిలు, సోయా, పొద్దుతిరుగుడు ముడినూనెలపై అంతవరకు లేని మూల సుంకం 20 శాతమయింది. శుద్ధి చేసిన నూనెలపై 12.5 శాతం నుంచి 32.5 శాతానికి పెరిగింది. దేశంలో నూనెగింజలు పండించే రైతుకు గిట్టుబాటు ధర దక్కాలన్నది ఈ నిర్ణయం వెనుక ఉద్దేశం. మన దేశం వాడుకొనే వంటనూనెలో సగానికి పైగా దిగుమతుల ద్వారానే వస్తున్నది. పొద్దుతిరుగుడు నూనె ప్రధానంగా రష్యా, ఉక్రెయిన్, అర్జెంటీనాల నుంచి వస్తుంది. కనుక ఢిల్లీలో పెరిగిన సుంకం తిరువూరులోని జంతికల మూకుడు దాకా రావడానికి ఎక్కువ కాలం పట్టలేదు.

ఆ సంవత్సరం విజయదశమి అక్టోబరు 12న వచ్చింది. పిండివంటల దుకాణానికి గిరాకీ అంతా ఆ దినాలలోనే. నూనె ధర పెరిగిందన్నది నిజం. అయితే పండుగ ముందు పెరిగిన ధరను చూసి, “పండుగ వచ్చిందని పెంచాడు” అని ఖాతాదారు అనుకోవడమూ సహజమే. నిజమైన కారణం ఉండి కూడ అబద్ధమాడినవానిగా కనిపించే ప్రమాదం ఇక్కడ ఉన్నది.

కొనేవారు దేనిని న్యాయమంటారు?

ధర పెరిగిన ప్రతిసారీ కొనేవారికి కోపం వస్తుందనుకోవడం పొరపాటు. డేనియల్ కానెమన్, జాక్ నెట్ష్, రిచర్డ్ థేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఈ విషయాన్ని పరిశీలించి 1986లో ఒక ప్రసిద్ధ వ్యాసం ప్రకటించారు. వారు కెనడాలోని సామాన్య ప్రజలకు కొన్ని చిన్న సందర్భాలు చెప్పి, ఇది న్యాయమా, అన్యాయమా అని అడిగారు. వాటిలో మూడు మనకు ఉపయోగపడతాయి.

మొదటిది: ఒక దుకాణంలో మంచు తీసే పారలు 15 డాలర్ల చొప్పున అమ్ముతున్నారు. పెద్ద మంచు తుపాను వచ్చిన మరునాడు యజమాని ధరను 20 డాలర్లు చేశాడు. ఇది అన్యాయమని నూటికి 82 మంది అన్నారు. యజమానికి పార మీద ఖర్చు పెరగలేదు. జనానికి అవసరం మాత్రమే పెరిగింది.

రెండవది: లెట్యూస్ అనే ఆకుకూర టోకు ధర పెరిగింది. దుకాణదారు ఒక్కొక్క కట్టను 30 సెంట్లు ఎక్కువ పెట్టి కొన్నాడు. అమ్మేటప్పుడూ 30 సెంట్లే పెంచాడు. దీనిని నూటికి 79 మంది న్యాయమన్నారు. తన మీద పడిన భారాన్నే అతడు పంచుకొన్నాడు గాని, దానిని అదనుగా చేసికొనలేదు.

మూడవది: వేరుశనగతో చేసే పీనట్ బటర్ ఒక దుకాణంలో నెలల తరబడి సరిపోయేంత నిల్వ ఉన్నది. టోకు ధర పెరిగిందని వినగానే యజమాని ఆ పాత నిల్వ మీద కూడ ధర పెంచాడు. నూటికి 79 మంది దీనిని అన్యాయమన్నారు.

ఈ మూడింటినీ కలిపి చూస్తే కొనేవారి మనస్సు తెలుస్తుంది. అమ్మేవాడు నష్టపోవాలని వారు కోరరు. వాని ఖర్చు పెరిగితే, ఆ పెరిగిన మేరకు ఇవ్వడానికి సిద్ధపడతారు. తమ అవసరాన్ని చూసి పెంచినా, పెరగని ఖర్చును పెరిగినట్లు చూపినా సహించరు. కాబట్టి ధర పెంపు లేఖ మూడు ప్రశ్నలకు జవాబు చెప్పాలి. ఖర్చు నిజంగా పెరిగిందా? పెరిగినంతే పెంచారా? పాత ధరకు కొన్న సరకును పాత ధరకే అమ్ముతున్నారా? ఈ మూడింటిలో ఏ ఒక్కటి తప్పినా, తక్కిన మర్యాద వాక్యాలు ఎన్ని ఉన్నా లేఖ నిలువదు.

మూడవ ప్రశ్న కేవలం పుస్తకాలలోనిది కాదు. 2024లో సుంకం పెరిగిన మూడు దినాలకే, సెప్టెంబరు 17న, కేంద్ర ఆహార, ప్రజాపంపిణీ శాఖ నూనె సంస్థల సంఘాలతో సమావేశమయింది. తక్కువ సుంకం ఉన్నప్పుడు దిగుమతి అయిన నూనె దాదాపు 30 లక్షల టన్నులు దేశంలో ఉన్నదనీ, అది 45 నుంచి 50 దినాల వాడకానికి సరిపోతుందనీ, ఆ నిల్వ ఉన్నంత వరకు ధర పెంచవద్దనీ కోరింది. కెనడాలోని కొనుగోలుదారు అడిగినదీ, ఢిల్లీలోని శాఖ అడిగినదీ ఒక్కటే.

లేఖకు ముందు లెక్క

ఇటువంటి లేఖ వ్రాసేవారు కలం పట్టుకోవడానికి ముందు లెక్క వేసికోవాలి. మన దుకాణం యజమాని లెక్క ఈ విధంగా ఉన్నదనుకొందాం.

పది కిలోల జంతికలకు మూడున్నర లీటర్ల నూనె ఖర్చవుతుంది. జంతికలు పీల్చుకొన్నదీ, వాడకం ముగిశాక పారవేసినదీ ఇందులో చేరి ఉన్నవి. నూనె ధర లీటరు రూ. 115 నుంచి రూ. 140 అయింది. అంటే లీటరుకు రూ. 25 చొప్పున మూడున్నర లీటర్లకు రూ. 87.50 పెరిగింది. కిలో జంతికల మీద చూస్తే ఇది రూ. 8.75.

ఆ సంవత్సరం జూన్‌లో ఇద్దరు పనివారి దినకూలి రూ. 400 నుంచి రూ. 450కి పెరిగింది. దినానికి 20 కిలోలు తయారవుతాయి. ఇద్దరికీ కలిపి పెరిగిన రూ. 100ను 20 కిలోలకు పంచితే కిలోకు రూ. 5 అవుతుంది. రెండూ కలిపి కిలోకు పెరిగిన ఖర్చు రూ. 13.75.

ఇంతవరకు కిలో ధర రూ. 240. యజమాని మొదట దానిని రూ. 260 చేద్దామనుకొన్నాడు. చెప్పడానికి తేలికైన అంకె అది. కాని అప్పుడు పెంపు రూ. 20 అవుతుంది, నిజంగా పెరిగిన ఖర్చుకంటె రూ. 6.25 అధికం. నూనె పేరు చెప్పి ఆ ఆరు రూపాయలు తీసికొంటే, ఇంటిలో జంతికలు వండుకొనే ఏ గృహిణి అయినా ఆ తేడాను పట్టుకోగలదు. కిలోకు ఎంత నూనె పడుతుందో ఆమెకు దుకాణదారు చెప్పనక్కరలేదు. చివరకు యజమాని రూ. 252గా నిర్ణయించాడు. పెంపు రూ. 12, అంటే సరిగా 5 శాతం. పావుకిలో ప్యాకెట్టు రూ. 60 నుంచి రూ. 63 అవుతుంది. మిగిలిన రూ. 1.75ను దుకాణమే భరిస్తుంది.

ధర పెంచకుండ ఖర్చు తగ్గించుకొనే దారులు రెండు యజమానికి స్ఫురించకపోలేదు. ఒకటి, ప్యాకెట్టులో 250 గ్రాములకు బదులు 230 గ్రాములు పెట్టడం. ధర మారదు గాని ఖాతాదారుకు తెలియకుండ ధర పెరిగినట్లే. తూకం తెలిసిననాడు పోయే నమ్మకం మూడు రూపాయలతో తిరిగి రాదు. రెండవది, కాగిన నూనెనే మరల మరల వాడడం. భారత ఆహార భద్రత, ప్రమాణాల సంస్థ నిబంధనల ప్రకారం, పలుమార్లు కాగడం వలన నూనెలో పుట్టే ధ్రువ సమ్మేళనాలు 25 శాతం దాటితే ఆ నూనెను వాడరాదు. ఈ నిబంధన 2018 జూలై 1 నుంచి అమలులో ఉన్నది. ఈ రెండు దారులనూ వదలుకొన్నందువలననే ధర పెంచవలసి వచ్చింది. ఆ సంగతి లేఖలో చెప్పదగినదే.

మొదటి చిత్తు

లెక్క తేలక ముందే యజమాని ఒక చిత్తు వ్రాసి పెట్టుకొన్నాడు. అది ఇట్లా ఉన్నది:

“అయ్యా/అమ్మా, పెరుగుతున్న ధరల దృష్ట్యా, అనివార్య కారణాల వలన మా ఉత్పత్తుల ధరలు స్వల్పంగా సవరించబడినవని తెలియజేయడమైనది. మీకు మరింత నాణ్యమైన సేవలు అందించుటకే ఈ నిర్ణయం తీసుకోబడినది. సవరించిన ధరలు తక్షణమే అమలులోనికి వచ్చును. ఎప్పటివలె మీ సహకారమును కోరుచున్నాము.”

ఇందులో వ్యాకరణ దోషం లేదు. మర్యాద కూడ ఉన్నట్లే కనిపిస్తుంది. అయినా ఇది ఖాతాదారును దూరం చేసే లేఖ. ఎందువలననో చూద్దాం.

“సవరించబడినవి”, “తీసుకోబడినది” అనే కర్మణి ప్రయోగాలలో కర్త కనిపించడు. ధర తనంతట తాను సవరించుకొన్నదా? పెంచినవాడు వాక్యం వెనుక దాగినాడని చదివేవారికి అనిపిస్తుంది. తెలుగులో కర్తరి ప్రయోగమే సహజం. “మేము పెంచుతున్నాము” అన్నవాడు కనీసం ఎదుట నిలబడి మాట్లాడుతున్నాడు.

“స్వల్పంగా” అన్న మాట రెండవ దోషం. ఎంత పెరిగిందో చెప్పక, పెరిగినది తక్కువేనని తీర్పు మాత్రం చెప్పింది. స్వల్పమో కాదో నిర్ణయించవలసినది సొమ్ము ఇచ్చేవారు. అంకె చెబితే ఆ నిర్ణయం వారే చేసికొంటారు. “అనివార్య కారణాలు” కూడ ఇటువంటిదే. కారణం ఉన్నదని చెప్పి కారణాన్ని చెప్పని మాట.

“మరింత నాణ్యమైన సేవలు” అనడం మరొక చిక్కు తెస్తుంది. ఇంతకాలం నాణ్యత కొరవడిందా అని చదివేవారు అడుగుతారు. పైగా అది నిజం కాదు; జంతికలు మునుపటివే, నూనె ధర మాత్రమే మారింది. లేని కారణాన్ని చెప్పడం వలన ఉన్న కారణానికి కూడ విలువ పోతుంది.

అన్నింటికంటె పెద్ద దోషం “తక్షణమే”. యజమాని వద్ద పాత ధరకు కొన్న నూనె డబ్బాలు నెలాఖరు వరకు సరిపోయేటన్ని ఉన్నవి. పాత నూనెతో వండి కొత్త ధరకు అమ్మడం పీనట్ బటర్ దుకాణదారు చేసిన పనే. ఇక్కడ చట్టం కూడ అడ్డు వస్తుంది. ప్యాకెట్ల సరకుకు వర్తించే 2011 నాటి తూనికలు, కొలతల నియమాల ప్రకారం, ప్యాకెట్టు మీద ముద్రించిన గరిష్ఠ చిల్లర ధరకు మించి అమ్మరాదు. ఆ ధరను చెరిపి గాని, దానిపై ఎక్కువ ధర చీటీ అంటించి గాని అమ్మరాదు. రూ. 60 అని ముద్రించి ఉంచిన ప్యాకెట్లు రూ. 60కే పోవాలి.

సవరించిన లేఖ

లెక్క తేలిన తరువాత అదే యజమాని వ్రాసిన లేఖ ఇది:

తిరువూరు,
తేది: 20-09-2024.

మాన్యులైన మా ఖాతాదారులకు నమస్కారములు.

అక్టోబరు 1వ తేదీ నుంచి జంతికల ధరను కిలోకు రూ. 240 నుంచి రూ. 252కు పెంచుతున్నాము. పావుకిలో ప్యాకెట్టు రూ. 63 అవుతుంది. సున్నుండలు, నువ్వుండల ధరలలో మార్పు లేదు.

ఈ నెల 14 నుంచి దిగుమతి నూనెలపై సుంకం పెరిగింది. మేము లీటరు రూ. 115కు కొంటూ వచ్చిన పొద్దుతిరుగుడు నూనెను ఈ వారం రూ. 140కు కొన్నాము. దీనివలన కిలో జంతికల మీద రూ. 8.75 ఖర్చు పెరిగింది. జూన్‌లో మా పనివారి కూలి పెంచినందువలన పెరిగిన రూ. 5ను ఇన్నాళ్లూ మేమే భరించాము. రెండూ కలిపి రూ. 13.75. అందులో రూ. 12 మాత్రమే మీ నుంచి తీసికొంటున్నాము.

జంతికల పాళ్లలోను, తూకంలోను మార్పు లేదు. నూనెను మునుపటివలెనే వేళకు మారుస్తున్నాము.

పాత ధరకు కొన్న నూనె ఈ నెలాఖరు వరకు వస్తుంది. అందుచేత అప్పటి వరకు పాత ధరే. సెప్టెంబరు 30లోగా మీరు చెప్పిన దసరా ఆర్డర్లకు, ఇంటికి 5 కిలోల వరకు, రూ. 240 చొప్పుననే ఇస్తాము.

మేము కొనే నూనె ధర లీటరు రూ. 120కి దిగి ఒక నెల నిలిచినచో, కిలోకు రూ. 7 తగ్గిస్తాము. నూనె కొన్న బిల్లు దుకాణంలో ఉంచుతాము, ఎవరైనా చూడవచ్చు.

పండుగకూ పబ్బానికీ మా దుకాణాన్నే తలచుకొంటున్న మీకు కృతజ్ఞులము.

ఇట్లు,
దుకాణం యజమాని.

లేఖా వివరణ

ఈ లేఖలో మొదటి వాక్యమే ధరను, తేదీని చెప్పింది. చేదు మాటను చివర దాచి, ముందుగా పొగడ్తలు పేర్చడం చాలామందికి అలవాటు. చిరకాల ఖాతాదారు ఆ పొగడ్తలు చదువుతున్నంతసేపూ “అసలు సంగతి ఏమిటి?” అనుకొంటాడు. తీరా అసలు సంగతి తెలిసిన తరువాత ఆ పొగడ్తలు ఎరవలె కనిపిస్తాయి. కృతజ్ఞత చివరనే ఉండుట మేలు. అక్కడ అది దేనికీ ముసుగు కాదు.

మారని ధరలను కూడ చెప్పడం గమనింపదగినది. సున్నుండలకు నూనె అక్కరలేదు. వాటి ధర కూడ పెంచి ఉంటే నూనె కారణం అబద్ధమయ్యేది. కారణం ఎంతవరకు వర్తిస్తుందో పెంపు అంతవరకే ఆగినపుడు కారణానికి బలం వస్తుంది.

కారణం చెప్పేటపుడు దేశంలోని ధరలన్నింటినీ ఏకరువు పెట్టలేదు. గ్యాసు, విద్యుత్తు, బస్సు పార్శిలు రుసుము వంటి ఖర్చులు దుకాణానికి ఉన్నవి. ఆ కాలంలో మారినవి రెండే గనుక రెండింటినే చెప్పింది. కారణాలు ఎక్కువయ్యే కొద్దీ ప్రతి ఒక్కటీ బలహీనపడుతుంది. 2024 జూన్‌లో అమూల్ పాల ధరను లీటరుకు రూ. 2 పెంచినపుడు ఇచ్చిన ప్రకటన కూడ ఇటువంటిదే. ఉత్పత్తి వ్యయం పెరిగిందనీ, పెంపు 3, 4 శాతం మాత్రమేననీ, వినియోగదారు ఇచ్చే ప్రతి రూపాయిలో దాదాపు 80 పైసలు పాడి రైతుకే చేరుతాయనీ అది చెప్పింది. సొమ్ము ఎక్కడికి పోతున్నదో తెలిసినపుడు ఇచ్చేవానికి మనసు కుదుటపడుతుంది. మన లేఖలో పనివారి కూలిని ప్రస్తావించడం ఆ పనే చేస్తున్నది.

పాత ధరకు దసరా ఆర్డర్లు తీసికొంటామన్న వాక్యం యజమానికి ఖర్చుతో కూడినది. అక్టోబరులో వండే ఆ జంతికలకు కొత్త నూనె వాడక తప్పదు. ఒక్కొక్క కిలో మీద రూ. 12 వదలుకొంటున్నాడు. అయితే “పండుగ చూసి పెంచాడు” అన్న అనుమానానికి మాటలతో కాక చేతలతో జవాబిచ్చిన వాక్యం ఇదొక్కటే. ఇంటికి 5 కిలోల పరిమితి పెట్టడం కూడ అవసరమే. ఆ పరిమితి లేకపోతే మారుబేరగాడు ఎవడైనా వంద కిలోలు చెప్పి, ఖాతాదారుల కొరకు ఉద్దేశించిన మేలును తాను కాజేస్తాడు.

లేఖ తరువాత

ధర పెంపు లేఖ పంపడంతో వ్యవహారం ముగియదు. కారణం చెప్పినవాడు ఆ కారణానికి కట్టుబడి ఉండాలి. 2025 మే 30న కేంద్ర ప్రభుత్వం ముడినూనెలపై మూల సుంకాన్ని 20 నుంచి 10 శాతానికి తగ్గించింది. మన యజమాని లేఖలో “సుంకం తగ్గితే ధర తగ్గిస్తాము” అని వ్రాసి ఉంటే ఏమయ్యేది? సుంకం తగ్గిన మరునాడే ఖాతాదారులు వచ్చి అడిగేవారు. కాని దుకాణం కొనే నూనె ధర సుంకం ఒక్కదానితోనే మారదు. విదేశాలలో పంట ఎట్లా ఉన్నది, డాలరుకు రూపాయి విలువ ఎంత అన్నవి కూడ దానిని పైకో కిందికో నెట్టుతాయి. యజమాని తన వాగ్దానాన్ని తాను నూనె కొనే ధరకు ముడిపెట్టాడు గాని సుంకానికి ముడిపెట్టలేదు. తన చేతిలోని బిల్లు చూపి నిరూపించగల మాటనే ఇచ్చాడు. రూ. 7 అన్న అంకె కూడ లెక్కకు సరిపోతుంది. లీటరుకు రూ. 20 తగ్గితే, కిలో జంతికలకు పట్టే నూనె మీద తగ్గేది అంతే.

కారణం చెప్పకపోతే జరిగే నష్టానికి అమెరికాలోని నెట్‌ఫ్లిక్స్ అనుభవం ప్రసిద్ధమైన ఉదాహరణ. ఆ సంస్థ ఇంటికి సినిమా డిస్కులు పంపడం, అంతర్జాలంలో సినిమాలు చూపడం రెండింటినీ కలిపి నెలకు 9.99 డాలర్లకు ఇస్తూ ఉండేది. 2011 జూలైలో రెండింటినీ విడదీసి ఒక్కొక్కదానికి 7.99 డాలర్లు నిర్ణయించింది. రెండూ కావలసినవారికి ఖర్చు 15.98 డాలర్లయింది; దాదాపు 60 శాతం పెంపు. తగిన వివరణ లేకపోవడంతో ఖాతాదారులు మండిపడ్డారు. ఆ మూడు నెలలలో సంస్థ అమెరికాలో 8 లక్షల మంది చందాదారులను కోల్పోయింది. సంస్థ అధిపతి రీడ్ హేస్టింగ్స్ సెప్టెంబరులో, తాను వివరణ బాకీపడ్డానని ఒప్పుకొంటూ లేఖ వ్రాశారు. అదే లేఖలో డిస్కుల విభాగాన్ని వేరే పేరుతో విడదీస్తామని ప్రకటించడం వలన కోపం చల్లారక మరింత పెరిగింది. ఆ ప్రతిపాదనను అక్టోబరులో విరమించుకొన్నారు. ముందుగా వ్రాయవలసిన వివరణ వెనుక వచ్చినపుడు అది క్షమాపణగానే మిగులుతుంది.

ఇటువంటి లేఖకు ఒక హద్దు కూడ ఉన్నది. ధర పెంచడానికి నిజమైన కారణం ఖర్చు కాక, లాభం పెంచుకోవాలన్న కోరికే అయినపుడు ఎంత నేర్పుతో వ్రాసినా ఈ నమూనా పనికిరాదు. అప్పుడు ఖర్చును సాకుగా చూపడంకంటె ధరను మాత్రం స్పష్టంగా చెప్పి ఊరుకొనడం మేలు. లేఖ నిజాన్ని చక్కగా చెప్పగలదు. లేని నిజాన్ని పుట్టించలేదు.

అర్థాలు

సుంకం – దిగుమతి, ఎగుమతి సరకులపై ప్రభుత్వం వేసే పన్ను
గిట్టుబాటు ధర – పెట్టిన ఖర్చు పోను రైతుకు కొంత మిగిలే ధర
టోకు ధర – పెద్ద మొత్తంలో కొన్నపుడు ఉండే ధర
చిత్తు – తుదిరూపం ఇవ్వక ముందు వ్రాసిన ప్రతి
కర్మణి ప్రయోగం – కర్తకు కాక కర్మకు ప్రాధాన్యమిచ్చే వాక్య నిర్మాణం
పాళ్లు – వంటలో కలిపే పదార్థాల కొలతలు
మారుబేరగాడు – ఒకచోట కొని మరొకచోట ఎక్కువ ధరకు అమ్మేవాడు

ప్రశ్నలు

1. మొదటి చిత్తులోని కర్మణి ప్రయోగాలను గుర్తించి, వాటిని కర్తరి వాక్యాలుగా మార్చి వ్రాయండి.
2. పాత నిల్వపై ధర పెంచడాన్ని కొనేవారు ఎందుకు అన్యాయమంటారు? పాఠంలోని రెండు ఉదాహరణలతో వివరించండి.
3. సవరించిన లేఖలో దసరా ఆర్డర్లకు సంబంధించిన వాక్యం ఎందుకు అవసరమయింది? దానికి పరిమితి ఎందుకు పెట్టవలసి వచ్చింది?
4. తగ్గింపు వాగ్దానాన్ని సుంకానికి కాక, నూనె కొనే ధరకు ముడిపెట్టడంలోని ఔచిత్యాన్ని చర్చించండి.
5. నెలవారీగా ఇళ్లకు భోజనం క్యారియర్లు పంపే ఒక మెస్సులో బియ్యం ఖర్చు ఒక్కొక్క భోజనానికి రూ. 3, గ్యాసు ఖర్చు రూ. 1 పెరిగినవి. మెస్సు యజమాని తన ఖాతాదారులకు వ్రాయదగిన లేఖను, ముందుగా లెక్క చూపి, వ్రాయండి.